బ్యాక్‌టెస్ట్‌లో మెరిసింది, లైవ్‌లో తేలిపోయింది: లోపం స్ట్రాటజీలోనా, వెతికిన పద్ధతిలోనా?

ప్రశ్న: ఆరేళ్ళ రోజువారీ డేటా మీద మూవింగ్ యావరేజ్ క్రాసోవర్ స్ట్రాటజీ ఒకటి రాశాను. మొదటి నాలుగేళ్ళ మీద 400 కాంబినేషన్లు రన్ చేసి అన్నిటికన్నా మంచిది ఎంచుకున్నాను, షార్ప్ 1.6 వచ్చింది. చివరి రెండేళ్ళు అవుట్-ఆఫ్-శాంపిల్‌గా పక్కన పెట్టాను. అక్కడ మొదట 0.1 వచ్చింది కానీ ఫిల్టర్లు మార్చి మార్చి చూశాక 0.8కి చేరింది. లైవ్‌లో పెట్టి నాలుగు నెలలైంది, నష్టంలో ఉంది. కోడ్‌లో బగ్ లేదు, ఖర్చులన్నీ కలిపాను. అవుట్-ఆఫ్-శాంపిల్ కూడా పాసయ్యాక ఇలా ఎందుకు జరిగింది?

సమాధానం:

నాలుగు నెలల నష్టం చూసి స్ట్రాటజీ పనికిరాదని తేల్చేయకండి. షార్ప్ నిజంగానే 1 ఉన్న స్ట్రాటజీ కూడా ఏ నాలుగు నెలలు తీసుకున్నా దాదాపు 28 శాతం సార్లు నష్టంలోనే ముగుస్తుంది. అంటే నాలుగింట ఒకసారికి పైనే. నాకు అనుమానం కలిగించింది ఆ నష్టం కాదు, మీరు రాసిన "మార్చి మార్చి చూశాక" అన్న మూడు మాటలు. అక్కడికి వస్తాను. దానికి ముందు ఆ 1.6 సంగతి చూడాలి.

షార్ప్ రేషియోని, అంటే ఏడాది సగటు రాబడిని దాని ఊగిసలాటతో భాగిస్తే వచ్చే అంకెని, మనం రెండు దశాంశాల దాకా చదువుతాం కానీ, అది అంత ఖచ్చితమైన అంకె కాదు. ఏ సత్తా లేని స్ట్రాటజీకి, అంటే అసలు షార్ప్ సున్నా అయినదానికి, అదృష్టం వల్ల అటూ ఇటూ ఎంత ఊగుతుందో ఒక మోటు లెక్క ఉంది: 1ని ఏళ్ళ సంఖ్య వర్గమూలంతో భాగించాలి. నాలుగేళ్ళ డేటాకి 0.5, రెండేళ్ళకి 0.7, నాలుగు నెలలకి 1.7. దీన్ని ఒక 'ఊగు' అనుకుందాం. మూడింట రెండు సార్లు ఫలితం సున్నాకి ఒక ఊగు లోపలే ఉంటుంది. రెండు ఊగులు దాటి పైకి పోవడం అరుదు, మూడు దాటడం మరీ అరుదు. మీ 1.6 అంటే నాలుగేళ్ళ మీద మూడు ఊగులకు కాస్త ఎక్కువ. ఒక్కటంటే ఒక్కటే స్ట్రాటజీ అనుకుని, ఒక్కసారే రన్ చేసి ఉంటే అది గట్టి సాక్ష్యమే.

మీరు చేసింది 400 సార్లు.

కాకి వాలిన క్షణంలోనే తాటిపండు రాలితే కాకతాళీయం అంటాం. ఒకే కాకి వాలి ఒకే పండు రాలితే ఆశ్చర్యపోవాల్సిందే. అదే చెట్టు మీద 400 కాకులు వాలితే, ఏదో ఒక కాకి కింద పండు రాలి తీరుతుంది. ఆ తర్వాత ఆ ఒక్క కాకినే పట్టుకుని దాని బరువెంత, ఏ కొమ్మ మీద వాలింది అని కారణాలు వెతకడమే మనం ఆప్టిమైజేషన్ పేరుతో చేస్తున్న పని.

దీన్ని అంకెల్లో చెప్పవచ్చు. సత్తా లేని స్ట్రాటజీలు 400 తీసుకుని, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పరీక్షిస్తే, వాటిలో అన్నిటికన్నా పైన ఉన్నది సగటున దాదాపు మూడు ఊగుల ఎత్తున ఉంటుంది. నాలుగేళ్ళ డేటాకి మూడు ఊగులంటే షార్ప్ 1.5. నా మాట నమ్మక్కర్లేదు, ఇది రన్ చేసి చూడండి:

```python
import numpy as np
rng = np.random.default_rng(7)
r = rng.normal(0, 0.01, (400, 252 * 6))
ins, oos = r[:, :1008], r[:, 1008:]

def sharpe(x):
    return x.mean(axis=1) / x.std(axis=1) * 252 ** 0.5

best = sharpe(ins).argmax()
print(sharpe(ins)[best], sharpe(oos)[best])
```

ఇందులో మార్కెట్ లేదు, మూవింగ్ యావరేజ్ లేదు. ఉన్నదంతా నాణెం ఎగరేసినట్టు పుట్టిన రోజువారీ రాబడులు, 400 వరుసలు. మొదటి నాలుగేళ్ళలో పైన నిలిచిన వరుసని ఎంచుకుని, అదే వరుస చివరి రెండేళ్ళలో ఏం చేసిందో చూస్తున్నాం. ఆ 7 స్థానంలో వేరే వేరే అంకెలు పెట్టి ఇరవై సార్లు రన్ చేయండి. మొదటి అంకె ప్రతిసారీ 1.5 చుట్టుపక్కలే తిరుగుతుంది. రెండో అంకె సగం సార్లు ప్లస్, సగం సార్లు మైనస్.

ఓవర్‌ఫిట్ అన్నది ఇదే. మోడల్ మరీ సంక్లిష్టమైతేనే ఓవర్‌ఫిట్ అవుతుందని చాలామంది అనుకుంటారు. పై కోడ్‌లో మోడల్ అన్నదే లేదు. ఉన్నది ఎంపిక. ప్రతి బ్యాక్‌టెస్ట్ అంకెలో సత్తా కొంత, అదృష్టం కొంత కలిసి ఉంటాయి. అన్నిటికన్నా పెద్ద అంకెని ఎంచుకున్నప్పుడు అదృష్టం బాగా కలిసొచ్చినదాన్ని కూడా ఎంచుకున్నట్టే. సత్తా మరుసటి ఏడాదికి మనతో వస్తుంది, అదృష్టం రాదు.

మీ విషయంలో ఒక సడలింపు ఇవ్వాలి. మీ 400 కాంబినేషన్లు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావు. 20, 120 రోజుల యావరేజ్‌లతో నడిచే 20/120 క్రాసోవర్‌కీ 25/120 క్రాసోవర్‌కీ ట్రేడ్లు చాలావరకు ఒకటే. కాబట్టి నిజమైన ప్రయత్నాల లెక్క 400 కాదు, కొన్ని పదులు ఉండవచ్చు. దానివల్ల మీరు ఊరట చెందడానికేమీ లేదు. పరిశోధకులు బెయిలీ, లోపెజ్ డి ప్రాడో మరో ఇద్దరితో కలిసి 2014లో ఇదే లెక్క వేశారు. ఐదేళ్ళ డేటా మీద స్వతంత్రమైన ప్రయత్నాలు 45 దాటాయంటే, సత్తా ఏమీ లేకపోయినా అన్నిటికన్నా మంచిదానికి షార్ప్ 1 వస్తుందని ఆశించవచ్చు. మీది నాలుగేళ్ళే కాబట్టి అదే 45కి దాదాపు 1.1. అంటే మీ 1.6లో ఎక్కువ భాగం వెతుకులాటే ఇచ్చి ఉండవచ్చు.

పైగా లెక్కలోకి రాని ప్రయత్నాలు కూడా ఉంటాయి. క్రాసోవర్‌కి ముందు వేరే ఇండికేటర్ ఏదో ప్రయత్నించి వదిలేశారా? గంట చార్ట్ మీద చూసి కుదరక రోజు చార్ట్‌కి మారారా? ఈ ఇన్‌స్ట్రుమెంట్‌నే ఎందుకు ఎంచుకున్నారు, చార్ట్‌లో ట్రెండ్ బాగా కనిపించిందనా? అవన్నీ ప్రయత్నాలే. 2016లో క్వాంటోపియన్ వాళ్ళు తమ వేదిక మీద యూజర్లు రాసిన 888 స్ట్రాటజీలను పరిశీలించారు. బ్యాక్‌టెస్ట్ షార్ప్‌ని బట్టి తర్వాతి షార్ప్‌ని ఊహించడం దాదాపు అసాధ్యమని తేలింది. అంతకన్నా నాకు ఆసక్తిగా అనిపించిన విషయం ఇంకోటి ఉంది. ఒక స్ట్రాటజీ మీద ఎన్ని ఎక్కువ బ్యాక్‌టెస్ట్‌లు నడిపితే, బ్యాక్‌టెస్ట్‌కీ ఆ తర్వాతి ఫలితానికీ మధ్య తేడా అంత ఎక్కువైంది.

ఇదంతా స్టాటిస్టిక్స్ భాషలో వింటే ఎక్కడో దూరంగా ఉన్నట్టు ఉంటుంది. నాకు ఇది ఒంటికి తగిలింది ఒక స్టాప్‌లాస్ వల్ల. చాలా ఏళ్ళ క్రితం నేను రాసిన స్ట్రాటజీలో ఆప్టిమైజర్ 2.7 శాతం స్టాప్‌లాస్ ఎంచి పెట్టింది. 2.5 పెడితే లాభం దాదాపు మూడో వంతు ఎగిరిపోయేది. 2.7కి ఏదో అర్థం ఉందని, ఆ ఇన్‌స్ట్రుమెంట్ రోజువారీ ఊగిసలాటకి అది సరిపోతుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఒకరోజు తోచక ట్రేడ్ లాగ్‌ని లాభం ప్రకారం వరుసలో పెట్టి చూశాను. అన్నిటికన్నా పెద్ద ట్రేడ్‌లో ధర ఎంట్రీ తర్వాత రెండో రోజే 2.6 శాతం కిందికి వెళ్ళి, అక్కడి నుంచి లేచి ఆరు వారాల పాటు పైకే పోయింది. 2.5 స్టాప్ ఉంటే ఆ ట్రేడ్ రెండో రోజే ముగిసేది. 2.7 ఉంటే బతికింది. మిగతా ట్రేడ్లకి స్టాప్ ఎంత బిగుతుగా ఉంటే అంత మేలు కాబట్టి, ఆప్టిమైజర్ 2.6 దాటిన వెంటనే ఆగిపోయింది.

అంటే నా పారామీటర్ మార్కెట్ గురించి నేర్చుకున్నదేమీ లేదు. ఒకానొక రోజు కనిష్ఠ ధరని బట్టీపట్టింది, అంతే. ఆ రోజు మళ్ళీ రాదు.

మీరూ ఈ పని చేయండి, పది నిమిషాలు పట్టదు. ట్రేడ్ లాగ్‌లో పై మూడు లాభాలు తీసేసి షార్ప్ మళ్ళీ లెక్కించండి. తర్వాత మీ 400 ఫలితాలను గడుల పట్టికగా వేసి, మీరు ఎంచుకున్న గడికి నాలుగు వైపులా ఏముందో చూడండి. 20/120కి 1.6 ఉండి పక్కనున్న 15, 25లకీ 1.2, 1.3 ఉంటే అది గుట్ట. పక్క గడుల్లో 0.3, 0.4 ఉంటే అది ముల్లు, రెండు మూడు ట్రేడ్ల మీద నిలబడింది. గుట్ట ఉన్నంత మాత్రాన నిజమని కాదు, ఎందుకంటే పక్కపక్క గడులు ఒకే ట్రేడ్లు పంచుకుంటాయి. ముల్లు అయితే మాత్రం ఇక ముందుకు వెళ్ళడం దండగ.

ఇప్పుడు అవుట్-ఆఫ్-శాంపిల్. దాని బలం ఒకే ఒక్క విషయంలో ఉంది: ఆ రెండేళ్ళ డేటాకి మీ ఎంపికలో చేయి లేదు. మొదటి నాలుగేళ్ళ అదృష్టాన్ని బట్టి ఎంచుకున్నారు, ఆ అదృష్టానికి తర్వాతి రెండేళ్ళతో సంబంధం లేదు. కాబట్టి అక్కడ వచ్చే అంకె పైకి గానీ కిందికి గానీ మొగ్గదు. కోడ్‌లో రెండో అంకె సున్నా చుట్టూ తిరగడానికి కారణం అదే. చూడబోతే ఆ టెస్ట్ మీ విషయంలో తన పని చక్కగా చేసింది. మొదటిసారి 0.1 వచ్చిందని మీరే రాశారు. మీ దగ్గరున్న అంకెలన్నిటిలో నిజాయితీగలది ఆ 0.1 ఒక్కటే.

ఆ తర్వాత జరిగింది చూడండి. ఫిల్టర్ మార్చారు, మళ్ళీ అదే రెండేళ్ళ మీద చూశారు. నచ్చలేదు, ఇంకోటి మార్చారు. మొదటిసారి చూసి వెనక్కి వెళ్ళిన క్షణంలోనే ఆ రెండేళ్ళు అవుట్-ఆఫ్-శాంపిల్ కాకుండా పోయాయి. అవి మీ ఎంపికలో భాగమయ్యాయి. పేరు మాత్రమే మిగిలింది.

ఎంత తేడా వస్తుందో లెక్కేద్దాం. రెండేళ్ళకి ఒక ఊగు 0.7 అన్నాం కదా. సత్తా లేని స్ట్రాటజీ ఒక్కసారి చూస్తే 0.7 దాటే అవకాశం దాదాపు 16 శాతం, అంటే ఆరింట ఒకటి. అదే పది వేర్వేరు మార్పులతో పదిసార్లు చూస్తే, కనీసం ఒక్కసారైనా 0.7 దాటే అవకాశం 82 శాతం. మీ మార్పులు ఒకదానికొకటి దగ్గరివి కాబట్టి అంత ఉండకపోవచ్చు, సగమే అనుకోండి. అయినా 0.8 అన్నది "పాస్" అనిపించుకోదు. ఏదో ఒకటి పాసయ్యేదాకా పరీక్ష మళ్ళీ మళ్ళీ పెట్టారు.

ఇందులో మోసం ఉద్దేశం ఉండదని నాకు తెలుసు. రాత్రి పదకొండింటికి కూర్చుని "సోమవారాలు తీసేస్తే ఎలా ఉంటుందో" అని ఒక లైన్ రాసి రన్ కొడతాం. ఒక ప్రయత్నం వాడేశామన్న స్పృహ ఉండదు. అందుకే నేను ఆ డేటాని వేరే ఫైల్‌లో పెడతాను, రీసెర్చ్ కోడ్‌కి ఆ ఫైల్ దారే తెలియదు. తెరిచిన ప్రతిసారీ తేదీ, ఏ వెర్షన్, ఏం వచ్చింది అని ఒక టెక్స్ట్ ఫైల్‌లో ఒక వరుస రాస్తాను. నాలుగైదు వరుసలు పడ్డాక ఆ డేటా నా దృష్టిలో అయిపోయినట్టే.

ఒకే గీత గీసి 70-30గా విడగొట్టే బదులు వాక్-ఫార్వర్డ్ చేయమని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మీ ఆరేళ్ళ మీద అది ఇలా ఉంటుంది. మొదటి మూడేళ్ళ మీద 400 కాంబినేషన్లలో మంచిది ఎంచుకుంటారు, దాన్ని తర్వాతి ఆరు నెలలు నడుపుతారు. కిటికీని ఆరు నెలలు ముందుకు జరిపి మళ్ళీ ఎంపిక, మళ్ళీ ఆరు నెలలు. ఇలా ఆరుసార్లు. ఆ ఆరు ముక్కల్నీ అతికిస్తే మూడేళ్ళ అవుట్-ఆఫ్-శాంపిల్ చేతికొస్తుంది, ఊగు 0.7 నుంచి 0.58కి తగ్గుతుంది. పెద్ద తేడా కాదు. నేను వాక్-ఫార్వర్డ్ చేసేది ఆ షార్ప్ కోసం కన్నా, ప్రతి కిటికీలో ఏ పారామీటర్ గెలిచిందో చూడటానికి. ఆరుసార్లూ 20/120, 25/120, 20/140 ఇలా ఒకే చోట మసులుతుంటే అక్కడ ఏదో ఉండవచ్చు. ఒకసారి 10/200, తర్వాత 45/80, తర్వాత 5/160 అని గంతులేస్తుంటే ప్రతిసారీ ఆ మూడేళ్ళ గోలని, అంటే అర్థంలేని ఊగిసలాటని, పట్టుకుంటున్నారన్నమాట. మూడేళ్ళకి బదులు రెండేళ్ళ కిటికీ, ఆరు నెలలకి బదులు మూడు నెలలు అని మార్చి చూడటం మొదలుపెడితే మళ్ళీ మొదటికే వస్తారు. కిటికీ పొడవు కూడా పారామీటరే.

సరిహద్దు దగ్గర ఒక చిన్న జాగ్రత్త. మీది ధరల మీద నడిచే రూల్ కాబట్టి పెద్ద సమస్య లేదు. రేపు మెషీన్ లెర్నింగ్ వైపు వెళ్ళి "వచ్చే 20 రోజుల రాబడి"ని నేర్పించారనుకోండి, ట్రైనింగ్‌లో చివరి 20 రోజుల జవాబులు టెస్ట్ కాలపు ధరల నుంచే వస్తాయి. ఆ 20 రోజులూ వదిలేసి టెస్ట్ మొదలుపెట్టాలి. వెనక్కి చూసే 200 రోజుల యావరేజ్‌కి ఈ బెడద లేదు, లైవ్‌లో కూడా ఆ పాత ధరలు మన చేతిలోనే ఉంటాయి.

అవుట్-ఆఫ్-శాంపిల్ పట్టుకోలేనివి కూడా ఉన్నాయి. ఎంపికలో దొర్లిన అదృష్టాన్ని మాత్రమే అది బయటపెడుతుంది. రెండు భాగాల్లోనూ ఒకే తప్పు ఉంటే రెండు భాగాలూ ఒకేలా మెరుస్తాయి. స్టాక్‌ల బుట్ట మీద చేసేవాళ్ళు ఇవాళ ఇండెక్స్‌లో ఉన్న కంపెనీల జాబితా తీసుకుని ఆరేళ్ళు వెనక్కి నడుపుతారు. ఈ ఆరేళ్ళలో మునిగిపోయి ఇండెక్స్ నుంచి బయటికి పోయినవి ఆ జాబితాలో ఉండవు, గెలిచినవే ఉంటాయి. ఎక్కడ గీత గీసినా రెండు వైపులా గెలిచినవాళ్ళే. అలాగే ఇవాళ్టి ముగింపు ధరతో సిగ్నల్ లెక్కించి, అదే ముగింపు ధరకి కొన్నట్టు రాస్తే ఆ తప్పు కూడా రెండు వైపులా లాభంగానే కనిపిస్తుంది. బగ్ లేదన్నారు కాబట్టి నమ్ముతాను, కానీ ఈ ఒక్క లైన్ మరోసారి చూడండి. సిగ్నల్‌ని ఒక రోజు ఆలస్యం చేసి రన్ చేయండి. రోజు చార్ట్ మీద నడిచే నిదానమైన క్రాసోవర్‌కి ఒక్క రోజు ఆలస్యం వల్ల షార్ప్ సగానికి పడిపోకూడదు. పడిపోయిందంటే భవిష్యత్తు ఎక్కడో లీకవుతోంది.

ఇంకో లీక్ మన తలలోనే ఉంటుంది. 2020 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మార్కెట్లు కుప్పకూలి, తర్వాత వేగంగా లేచాయని మనకి తెలుసు. అది తెలిసి "పెద్ద పతనం తర్వాత త్వరగా తిరిగి ఎంటర్ అవ్వాలి" అనే రూల్ పెడితే, ఆ ఏడాదిని ఎంత భద్రంగా పక్కన పెట్టినా అది చూడని డేటా కాదు.

మరి ఇప్పుడు ఏం చేయాలి? మీ స్థానంలో ఉంటే నేను ముందు డబ్బు వెనక్కి తీసి స్ట్రాటజీని కాగితం మీదే నడుపుతాను. నష్టం వచ్చిందని కాదు, దాన్ని నమ్మడానికి ఆ 0.1 తప్ప ఏమీ లేదని.

తర్వాత గోల పరీక్ష. మీ నాలుగేళ్ళ రోజువారీ రాబడుల వరుసని పేకముక్కల్లా కలిపి, వాటితో కొత్త ధరల వరుస కట్టండి. మీ రూల్‌లో స్టాప్‌లాస్ ఉంటే ముగింపు ధర ఒక్కటే సరిపోదు. ప్రతి రోజు ఓపెన్, హై, లో, క్లోజ్‌లని ముందురోజు ముగింపుతో నిష్పత్తులుగా మార్చి, ఆ నాలుగింటినీ ఒకే కట్టగా కలపాలి. ఈ కలిపిన డేటాలో ట్రెండ్ అన్నది మిగలదు, కానీ మార్కెట్ మొత్తంగా పెరిగిన వాలు అలాగే ఉంటుంది. కాబట్టి కేవలం కొని కూర్చున్నందుకు వచ్చే షార్ప్ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. దాని మీద 400 కాంబినేషన్లూ నడిపి అన్నిటికన్నా పెద్ద షార్ప్ రాసుకోండి. ఇలా 500 సార్లు. మీ 1.6 ఆ 500 అంకెల్లో ఎక్కడ ఉందో చూడండి. పై 5 శాతంలో లేకపోతే, ట్రెండే లేని డేటా నుంచి కూడా మీ వెతుకులాట 1.6ని తవ్వి తీయగలదన్నమాట. మీ 400లో స్వతంత్రమైనవి ఎన్ని అని ఊహించాల్సిన పని ఈ పద్ధతిలో ఉండదు, వెతుకులాట మొత్తాన్నీ ఉన్నది ఉన్నట్టే నడుపుతున్నాం కదా. లోపం ఏమిటంటే, అలజడి రోజులు గుంపుగా వచ్చే మార్కెట్ స్వభావం కలిపేటప్పుడు చెదిరిపోతుంది. కాబట్టి అంచుమీద పాసైతే సంబరపడకండి. ఫెయిలైతే మాత్రం వదిలేయండి.

అది పాసైతేనే తర్వాతి మెట్టు. మీ రెండేళ్ళ డేటా వాడేశారు, లైవ్ డేటా పోగవడానికి ఏళ్ళు పడుతుంది. షార్ప్ 1ని సున్నా నుంచి రెండు ఊగుల దూరంలో చూడాలంటేనే నాలుగేళ్ళు కావాలి. కానీ మీరు ఇంతవరకూ తెరవని డేటా ఒకటుంది: ఈ ఆరేళ్ళకి ముందువి. కాలం వెనక్కి వెళ్ళినా అవుట్-ఆఫ్-శాంపిల్ అవుట్-ఆఫ్-శాంపిలే, మీ ఎంపికలో దానికి చేయి లేకపోతే చాలు. నిమిషాల్లో ట్రేడ్ చేసేవాళ్ళకి పాత డేటా అంతగా పనికిరాదు, అప్పటి ఖర్చులూ ఆర్డర్లు నడిచే తీరూ వేరు. రోజు చార్ట్ మీద ట్రెండ్ పట్టే రూల్‌కి చాలావరకు పనికొస్తుంది. ఇంకో ఆరేళ్ళు దొరికాయనుకుంటే ఊగు 0.41.

ఆ ఫైల్ తెరవకముందే రెండు విషయాలు కాగితం మీద పెట్టండి. ఒకటి, ఏ వెర్షన్ పరీక్షిస్తారో. ఫిల్టర్లు ఉన్నదీ లేనిదీ రెండూ చూస్తానంటే అవి రెండు ప్రయత్నాలు. నేనైతే ఫిల్టర్లన్నీ పీకేసి, గడుల పట్టికలో గుట్ట నడిమధ్య ఉన్న జంటని తీసుకుంటాను, కొసమీద మెరిసినదాన్ని కాదు. రెండు, ఎంత వస్తే ఉంచుకుంటారో. ఇందాకటిలాగే కొని కూర్చున్నదానికి పైన వచ్చిన భాగాన్నే లెక్కలోకి తీసుకుని, 0.6 అని గీత గీశారనుకోండి. సత్తా లేనిది దాన్ని దాటే అవకాశం దాదాపు 7 శాతం. అటువైపు, నిజంగా 0.8 ఉన్నది కూడా దాదాపు 31 శాతం సార్లు ఆ గీత కిందే పడుతుంది. ఈ బేరం తప్పదు. గీత పైకి జరిపితే మంచివి పోతాయి, కిందికి జరిపితే చెత్త లోపలికి వస్తుంది. ఎక్కడ గీసినా ఫర్వాలేదు, అంకె చూశాక మాత్రం జరపకండి.

గీత దాటినా లైవ్‌లో అంతే వస్తుందని పొజిషన్ సైజు లెక్కించకండి. స్టాక్ రాబడులను ముందే సూచిస్తాయని పరిశోధన పత్రాల్లో చూపిన 97 లక్షణాలను మెక్‌లీన్, పాంటిఫ్ 2016లో అచ్చయిన తమ అధ్యయనంలో తిరగతోడారు. ఆ పత్రాలు వాడిన కాలం దాటాక రాబడి సగటున 26 శాతం తగ్గింది. పత్రం బయటికొచ్చి అందరికీ తెలిశాక 58 శాతం తగ్గింది. అవి ఎందరో తూర్పారబట్టాక అచ్చయిన పనులు. మూవింగ్ యావరేజ్ క్రాసోవర్ అందరికీ తెలిసిన రూల్. నేను సైజు లెక్కించేటప్పుడు బ్యాక్‌టెస్ట్‌లో వచ్చిన షార్ప్‌ని కాకుండా, ఒకే ఒక్కసారి తెరిచిన డేటాలో వచ్చినదాన్ని తీసుకుని దాన్ని కూడా సగం చేస్తాను. బ్యాక్‌టెస్ట్‌లో కనిపించిన పెద్ద డ్రాడౌన్‌ని మాత్రం రెట్టింపు చేసి చూసుకుంటాను. ఈ సగం, రెట్టింపు వెనక సిద్ధాంతమేమీ లేదు, దెబ్బలు తిని అలవాటు చేసుకున్నవి.

పాత డేటాలో గీత దాటకపోతే ఒక కోరిక పుడుతుంది: "ఆ కాలంలో మార్కెట్ వేరు, ఒక ఫిల్టర్ పెడితే సరిపోతుంది". అక్కడ ఆగండి. ఆ ఫిల్టర్‌తో పరీక్షించడానికి మీ దగ్గర తెరవని డేటా ఇక ఉండదు.